ఏడు నిమిషాల ప్రసంగంలో మునిగిన యూనిట్ లెక్క చెప్పొచ్చా?

ప్రశ్న (పలాస): "వర్తకుల మీటింగులో ఏడు నిమిషాలు మాట్లాడమన్నారు. మూసేసిన నా మొదటి జీడిపప్పు యూనిట్ గురించి. పోయిన డబ్బు లెక్క పైకి చెప్పాలా, వద్దా?"

కాశీబుగ్గ పిక్కల కొట్టు: చెప్పాలి బాబూ. మొత్తం అప్పు వద్దు, ఒక్క బస్తా లెక్క చాలు. ఎండు జీడిపిక్కైతే 80 కిలోల బస్తాకి 22 కిలోల పప్పు వస్తుందని ధర కట్టారనుకోండి. కొన్న పిక్కలో తేమ 14 శాతం ఉంటే, ఎండబెట్టి 8కి తెచ్చేసరికి బస్తా 75 కిలోలకి దిగిపోద్ది. అప్పుడు పప్పు 20 కిలోల 600 గ్రాములే. వంద బస్తాలకి 140 కిలోలు తక్కువ. కిలో 600 వేసుకున్నా 84 వేలు, బాయిలర్ వెలిగించకముందే పోయాయి.

విజయనగరం పద్దులు: నేనొప్పుకోను. ఎక్కువ యూనిట్లు మునిగేది అరువుతోనే. పిక్క సీజన్లో నగదుకి కొని, పప్పు అరువుకి అమ్ముతారు. చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ నంబరుంటే ఏ వ్యాపారికైనా 45 రోజుల్లో డబ్బివ్వాలని చట్టముంది. అది చెప్పండి.

కాశీబుగ్గ పిక్కల కొట్టు: అరువు మాట నిజమే. చట్టం మాట సగమే నిజం. 2021 జులైలో వర్తకుల్ని ఉద్యమ్‌లో చేర్చుకుంది బ్యాంకు రుణాల కోసం. బాకీ ఆలస్యమైతే దక్కే రక్షణ వాళ్లకి లేదు. పప్పు తీసే చిన్న యూనిట్ తయారీ కిందకొస్తుంది కాబట్టి దానికుంది. రాతకోతల్లేకపోతే గడువు 15 రోజులే, ఒప్పందమున్నా 45 దాటకూడదు. మీటింగులో సగంమంది కొని అమ్మేవాళ్లే, ఈ తేడా చెప్పకపోతే వాళ్లు మోసపోతారు.

మందస రైతు: అంటే తడి పిక్కలమ్మి మేమే ముంచామంటారా? తిత్లీ తుఫానుకి మా చెట్లు కూలాయి, ఉన్న కాపు వానలో తడిసింది. ఆరబెట్టడానికి కళ్లమేదీ? తేమ కొలిచి ధర కట్టండి, ఇస్తాం.

కాశీబుగ్గ పిక్కల కొట్టు: తప్పు మీది కాదన్నా, కొలవకుండా కొన్నవాళ్లది. గుప్పెట్లో కుదిపితే ఎండు పిక్క గలగలమంటుంది, పచ్చిది మూగగా ఉంటుంది. అది మొదటి చూపుకే. అసలు పరీక్ష కోత. బస్తాల పైనుంచీ, మధ్యనుంచీ, అడుగునుంచీ తీసి కలిపి, కిలో తూచి కొయ్యాలి. మంచి పప్పు బరువుకి మచ్చల పప్పు బరువులో సగం కలపాలి. కిలోకి 275 గ్రాములొస్తే బస్తాకి 22 కిలోలు. పైపైన పిక్క మాత్రమే తీస్తే లెక్క తప్పుద్ది, తడిదంతా అడుగునుంటుంది. తేమ వేరే చూడాలి, కోత ఒక్కటే చాలదు.

ఏడు నిమిషాల్లో కిలో కొయ్యలేరు. ముందే కోసి, మంచి, మచ్చల, పాడైన పప్పు మూడు కుప్పలుగా పళ్లెంలో పట్టుకెళ్లండి.

విజయనగరం పద్దులు: పళ్లెం బావుంది. అప్పెంతో మాత్రం చెప్పొద్దు. రేపు పిక్క అరువిచ్చేవాళ్లూ అక్కడే కూర్చుంటారు.

ప్రశ్న అడిగినవారు: పళ్లెం తీసుకెళ్తాను. నాకు తడి పిక్క ఇప్పించిన బ్రోకరు కూడా ముందు వరసలోనే ఉంటాడు. పేరు ఎత్తకుండా చెప్పినా అతనికి అర్థమవుతుంది కదా, దానికేం చెయ్యాలి?