ఎమిటర్ రెసిస్టర్ ఒక్కటే చాలా, బయాస్ ట్రాన్సిస్టర్ కూడా హీట్‌సింక్ ఎక్కాలా?

కర్నూలు సౌండ్ సర్వీస్: రిపేరుకు వచ్చిన ఒక ఆంప్లిఫయర్‌లో 5200-1943 జత ఉంది, సప్లై ప్లస్ మైనస్ 35 వోల్టులు. ఎమిటర్ రెసిస్టర్లను ఎవరో తీసేసి ఆ చోట వైరు కలిపారు. బయాస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కు దూరంగా బోర్డు మీదే ఉంది. ఉదయం ఫ్యూజు స్థానంలో మీటరు పెట్టి ఐడిల్ కరెంటును 100 మిల్లీఆంపియర్లకు సరిచేశాను. మధ్యాహ్నం పాట ఏదీ వేయకుండానే జత కాలిపోయింది. రెసిస్టర్లు తిరిగి వేస్తే సరిపోతుందా?

అనంతపురం ఆడియో: బయాస్ ట్రాన్సిస్టర్‌ను హీట్‌సింక్‌కు బిగించండి, అది చాలు. పవర్ ట్రాన్సిస్టర్ వేడెక్కేకొద్దీ దాని బేస్-ఎమిటర్ వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. అదే వేడి తగిలిన బయాస్ ట్రాన్సిస్టర్ తానిచ్చే వోల్టేజిని అంతే తగ్గిస్తుంది. లెక్క సరిపోయాక రెసిస్టర్లు వృథాగా వోల్టేజిని తినడం తప్ప చేసేదేమీ లేదు.

కడప రిటైర్డ్ లెక్చరర్: అనంతపురం మిత్రులు చెప్పిన 2 మిల్లీవోల్టుల మాట నిజమే గాని, ముగింపు సరికాదు. ముందుగా ఆ జత ఎందుకు కాలిందో చూద్దాం. జంక్షన్ ఒక డిగ్రీ వేడెక్కితే కరెంటు కొంత పెరుగుతుంది, ఆ కరెంటు వల్ల మరికొంత వేడి పుడుతుంది, ఆ వేడి జంక్షన్‌ను ఇంకెంత పెంచుతుందన్నదే ప్రశ్న. ఒక డిగ్రీకంటే తక్కువైతే పెరుగుదల ఎక్కడో ఆగుతుంది, ఎక్కువైతే ఆగదు. రెసిస్టర్ లేకుండా 100 మిల్లీఆంపియర్ల దగ్గర ఒక డిగ్రీకి కరెంటు దాదాపు 8 మిల్లీఆంపియర్లు పెరుగుతుంది. దాన్ని 35 వోల్టులతో గుణిస్తే పావు వాటుకు కాస్త ఎక్కువ. జంక్షన్ నుండి బయటి గాలి దాకా ఒక్కో ట్రాన్సిస్టర్ వాటాకు వాటుకు 3 డిగ్రీలు అనుకుంటే, తిరిగి వచ్చేది 0.8 డిగ్రీ. కాబట్టి ఉదయం అది నిలబడింది, కానీ అంచున నిలబడింది. కరెంటు 150కి చేరితే ఇదే లెక్క 1.2 అవుతుంది. మన ఎండాకాలంలో ఉదయానికీ మధ్యాహ్నానికీ 15 డిగ్రీల తేడా ఉండనే ఉంటుంది. ఆ తేడాతో లెక్క వేస్తే కరెంటు నిలకడగా ఆగే చోటే దొరకదు.

ఇప్పుడు 0.22 ఓముల రెసిస్టర్ వేయండి. కరెంటు పెరిగితే దాని మీద పడే వోల్టేజి పెరిగి, బేస్-ఎమిటర్‌కు దక్కేది తగ్గుతుంది. అదే 15 డిగ్రీలకు కరెంటు 100 నుండి సుమారు 290 మిల్లీఆంపియర్లకు వెళ్లి ఆగుతుంది. 0.33 అయితే సుమారు 200 దగ్గరే ఆగుతుంది. కాలిపోకుండా కాపాడింది రెసిస్టరే. అయితే ఐడిల్ కరెంటు రెండు, మూడు రెట్లు కావడం కూడా మంచిది కాదు, ఆ జరుగుడును అదుపు చేయవలసింది బయాస్ ట్రాన్సిస్టర్. అందువల్ల రెండూ కావాలి. 0.22 విషయంలో ఇంకో జాగ్రత్త: కరెంట్లు బాగా పెరిగినప్పుడు, ఒక డిగ్రీకి తిరిగి వచ్చే వేడి లెక్క 0.95కి చేరుతుంది. మెయిన్స్ ఎక్కువై సప్లై 38 వోల్టులకు పోతే, బయాస్ ట్రాన్సిస్టర్ వేడిని అనుసరించే ట్రాకింగ్ లేని బోర్డులో ఆ కాస్త మిగులూ ఉండదు.

ట్రాకింగ్ ఒక్కటే ఎందుకు చాలదంటే, అది చూసేది హీట్‌సింక్‌ను, జంక్షన్‌ను కాదు. ట్రాన్సిస్టర్‌లో 40 వాట్ల వేడి పుడుతున్నప్పుడు, లోపలి నిరోధానికి మైకా షీటు కూడా కలిసి వాటుకు 1.3 డిగ్రీలైతే, జంక్షన్ హీట్‌సింక్ కంటే 52 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. జంక్షన్ సెకనులోపే వేడెక్కడం మొదలుపెడుతుంది, హీట్‌సింక్‌కు నిమిషాలు పడతాయి.

ప్రొద్దుటూరు డీజే: నేనూ బయాస్ ట్రాన్సిస్టర్‌ను హీట్‌సింక్ మీదే పెట్టాను. కాలిపోవడం లేదు గానీ, గంటసేపు గట్టిగా వాయించాక వాల్యూం తగ్గిస్తే గొంతు గరగరలాడుతోంది. నాది డ్రైవరు, పవర్ ట్రాన్సిస్టర్ ఒకదానికొకటి వ్యతిరేక రకాలుగా ఉండే జత. రెసిస్టర్లు పెంచితే పోతుందా?

కడప రిటైర్డ్ లెక్చరర్: పోదు, మీ సమస్య దీనికి తలకిందులుగా ఉంది. మీ జతలో బయాస్‌ను నిర్ణయించేది డ్రైవరు బేస్-ఎమిటర్ వోల్టేజి. పవర్ ట్రాన్సిస్టర్‌ది ఆ దారిలో లేదు. హీట్‌సింక్ వేడిని చూసి బయాస్ అవసరానికి మించి తగ్గుతోంది, కరెంటు పడిపోయి, రెండు సగాలు కలిసే చోట శబ్దం చెడుతోంది. బయాస్ ట్రాన్సిస్టర్‌ను డ్రైవరుకు ఆనించి బిగించండి.

కర్నూలు సౌండ్ సర్వీస్: రెసిస్టర్లు వేశాక పని సరిగా జరుగుతోందని ఎలా తెలుసుకోవాలి?

కడప రిటైర్డ్ లెక్చరర్: 0.22 మీద 22 మిల్లీవోల్టులు చూపితే 100 మిల్లీఆంపియర్లు. పది నిమిషాలు గట్టిగా వాయించి, పాట ఆపి, మీటరు చూస్తూ ఉండండి. అంకె మొదట ఎక్కువగా ఉండి, జంక్షన్లు, హీట్‌సింక్ చల్లబడేకొద్దీ తిరిగి దగ్గరికి వస్తే ట్రాకింగ్ పని చేస్తోంది. పాట లేకుండానే పెరుగుతూ పోతుంటే వెంటనే సప్లై తీసేయండి.

అనంతపురం ఆడియో: రెండూ కావాలని ఒప్పుకుంటాను. కానీ 0.33 వేయమంటే ఒప్పుకోను. రెసిస్టర్ మీద సుమారు 26 మిల్లీవోల్టులు ఉన్నప్పుడు శబ్దం మెరుగని 1971లో హ్యూలెట్ ప్యాకార్డ్ పత్రికలో ఆలివర్ చూపించాడు. ఆ లెక్కన 0.33 కి 79 మిల్లీఆంపియర్లే వస్తాయి, 0.22 కి 118 వస్తాయి. బయాస్ ట్రాన్సిస్టర్‌ను హీట్‌సింక్‌కు కాకుండా పవర్ ట్రాన్సిస్టర్ పై ముఖానికే బిగిస్తే ఆలస్యం తగ్గుతుంది, అప్పుడు 0.22 సరిపోతుందని నా అభిప్రాయం.

కడప రిటైర్డ్ లెక్చరర్: పై ముఖానికి బిగించడం నాకూ నచ్చింది. అయితే పెళ్లిళ్లలో రాత్రంతా వాయించే ఆంప్లిఫయర్‌కైతే నేను 0.33 నే వేస్తాను.