ఐస్ నీళ్లు తాగితే నిజంగా గొంతు పట్టేస్తుందా?

ఎంవీపీ అమ్మ: ఆదివారం సాయంత్రం 7 గంటలకి ఆర్కే బీచ్‌లో మా 8 ఏళ్ల బాబు గ్లాసు నిండా ఐస్ వేసిన నిమ్మసోడా తాగాడు. సోమవారం పొద్దున 6 గంటలకి లేస్తూనే గొంతు నొప్పన్నాడు, మధ్యాహ్నానికి ముక్కు కారడం మొదలైంది. ఐస్ వల్లే అంటారు అత్తగారు, అదంతా అపోహ అంటారు మా ఆయన. మేమిద్దరం కూడా అదే బండి దగ్గర అదే సోడా తాగాం, మాకేమీ కాలేదు. ఏది నిజం?

గాజువాక గోలీసోడా: ఇందులో చర్చ ఏముందండీ? చల్లటిది తగిలితే లోపల రక్తనాళాలు ముడుచుకుంటాయి, అక్కడ కాపలా తగ్గుతుంది, జలుబు పట్టేస్తుంది. మా గుంటడికి ప్రతి ఎండాకాలం ఇదే తంతు. ఫ్రిజ్ సీసా ఎత్తిన మర్నాడు ముక్కు దిబ్బడ. పెద్దోళ్లు ఊరికే అన్నారా ఏటి?

పాత ల్యాబ్ మాస్టారు: నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. అమ్మా, మీరు టైములు రాశారు కాబట్టి ముందు వాటినే చూద్దాం. సోడాకీ నొప్పికీ మధ్య 11 గంటలు. జలుబుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది రైనోవైరస్. అది ముక్కులోకి చేరాక గొంతు గరగర మొదలవడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. మరీ తొందరగా అంటే ఓ పన్నెండు గంటలు. అంటే బాబు సోడా గ్లాసు పట్టుకునే సమయానికే వైరస్ లోపల పని మొదలుపెట్టేసి ఉంటుంది. మీరు వెతకాల్సింది ఆదివారంలో కాదు, శుక్ర, శనివారాల్లో. ఆ రెండు రోజులూ చీదుతున్న పిల్లలెవరైనా పక్కన ఉన్నారా?

ఎంవీపీ అమ్మ: ఇప్పుడే అడిగాను మాస్టారూ. శుక్రవారం స్కూల్ ఆటోలో పక్కన కూర్చున్న అబ్బాయి దారి పొడవునా ముక్కు తుడుచుకుంటూనే ఉన్నాడట. ఇద్దరూ ఒకే క్రికెట్ కార్డుల కట్ట పంచుకుని ఆడారట. అత్తగారికి చెప్తే "ఆ అబ్బాయి కూడా ఐసే తిని ఉంటాడు" అన్నారు.

బీచ్‌రోడ్ వాకర్: అసలు పిల్లలకి కూల్‌డ్రింక్ ఎందుకు పట్టాలి? 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాముల పైనే చక్కెర ఉంటుంది. నేను మానేసి ఆరు నెలలైంది, నాలుగు కిలోలు తగ్గాను.

లెక్కల పిచ్చి: వాకర్ అన్నయ్యా, అడిగింది చల్లదనం గురించి. చక్కెర గొడవ వేరే పెట్టుకుందాం.

గోలీసోడా గారి మాటని అంత తేలిగ్గా కొట్టెయ్యలేం. 2005లో కార్డిఫ్‌లో 180 మందిని తీసుకుని, సగం మంది కాళ్లని 20 నిమిషాలు చన్నీళ్లలో పెట్టించారు. తర్వాతి నాలుగైదు రోజుల్లో ఆ 90 మందిలో 13 మంది జలుబు చేసిందన్నారు, మిగతా 90 మందిలో ఐదుగురే అన్నారు. మరి ఇదేంటి మాస్టారూ?

గాజువాక గోలీసోడా: అదీ లెక్కంటే! చూశారా?

పాత ల్యాబ్ మాస్టారు: మంచి ప్రశ్న. అక్కడ చల్లబడింది కాళ్లు. గొంతులోంచి చల్లటి గుక్క దిగడం వేరు, 20 నిమిషాల పాటు పాదాలు గడ్డకట్టడం వేరు. ఇంకొకటి, ఎవరి ముక్కులోనూ వైరస్ ఉందో లేదో చూడలేదు, ఎలా ఉందని అడిగి రాసుకున్నారంతే. ఆ పరిశోధకులు కూడా చలి వైరస్‌ని పుట్టించిందని అనలేదు. అప్పటికే లోపల ఉండి బయటపడని వైరస్‌కి అది దారి ఇచ్చి ఉండొచ్చన్నారు. అంతకుముందు 1968లో అమెరికాలో వాలంటీర్ల ముక్కులోకి వైరస్‌ని నేరుగా ఎక్కించి, కొందరిని చలిలో ఉంచి చూశారు. చలిలో ఉన్నవాళ్లకి జలుబు ఎక్కువగా ఏమీ రాలేదు.

గోలీసోడా గారు సగం కరెక్టే, ఆ సగం ఏదో కూడా చెప్తాను. ముక్కులో చీమిడి ఊరికే నిలబడి ఉండదు, మెల్లగా వెనక్కి కదులుతూ దుమ్మునీ క్రిముల్నీ గొంతులోకి తోసేస్తుంటుంది. 1978లో 15 మంది ఆరోగ్యవంతుల్లో ఆ వేగాన్ని కొలిచారు. చన్నీళ్లు తాగాక అది నిమిషానికి 7.3 మిల్లీమీటర్ల నుంచి 4.5కి పడిపోయింది, అరగంట తర్వాత కూడా కోలుకోలేదు. వేడినీళ్లు తాగినవాళ్లలో 6.2 నుంచి 8.4కి పెరిగింది. అందుకే జలుబు ఉన్నప్పుడు ఐస్ నీళ్లు తాగితే ముక్కు మరింత బిగుసుకున్నట్టు ఉంటుంది, మిరియాల చారు తాగితే హాయిగా ఉంటుంది. ఇక్కడిదాకా మీ అత్తగారి అనుభవం నిజమే. అయితే కదలిక నెమ్మదించినంత మాత్రాన లేని వైరస్ వచ్చి పడదు.

సరిగమ: నేను కచేరీలు చేస్తాను. పాడే రోజు చల్లటి నీళ్లు తాగితే పది నిమిషాల్లో పై షడ్జమం దగ్గర గొంతు బిగుసుకుంటుంది. గోరువెచ్చని నీళ్లు రెండు గుక్కలు పడితే సర్దుకుంటుంది. జ్వరం లేదు, జలుబూ లేదు. దీన్నేమంటారు?

పాత ల్యాబ్ మాస్టారు: మీది ఇన్ఫెక్షన్ కాదమ్మా. తాగిన కొన్ని నిమిషాల్లో మొదలై, కాసేపట్లో దానంతటదే పోతే అది చల్లదనానికి గొంతు బిగుసుకోవడమే అనుకోవచ్చు. మర్నాడు మొదలై రోజుల తరబడి ఉంటే అప్పుడు వైరస్ మాట. గడియారం చూసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది. ఆస్తమా ఉన్నవాళ్ల సంగతి మాత్రం వేరు. వాళ్లలో కొందరికి చల్లటిది తాగగానే దగ్గు తెర వస్తుంది. అలాంటివాళ్లు మానుకుంటే తప్పేం లేదు.

లెక్కల పిచ్చి: ఇంకో తిరకాసు ఉంది. వైరస్ మొదలయ్యేటప్పుడు ముందు వచ్చేది గొంతు గరగరే. అప్పుడే చల్లగా ఏదైనా తాగాలనిపిస్తుంది. తాగుతాం, మర్నాడు జలుబు బయటపడుతుంది, నింద ఐస్ మీద పడుతుంది. గోలీసోడా గారూ, మే నెలంతా మీవాడు ఫ్రిజ్ నీళ్లు తాగిన రోజులెన్ని, జలుబు చేసిన రోజులెన్ని? తాగినా ఏమీ కాని రోజుల్ని ఎవరం గుర్తుపెట్టుకోం.

గాజువాక గోలీసోడా: రోజూ తాగుతాడు. జలుబు రెండుసార్లు చేసింది. అయినా ఆ రెండుసార్లూ ముందురోజు తాగాడు కదండీ!

లెక్కల పిచ్చి: రోజూ తాగేవాడు ముందురోజు తాగకుండా ఎలా ఉంటాడండీ?

ఫిషింగ్ హార్బర్ కుర్రాడు: మా నాన్న బోటు మీద వెళ్తారు. అందరూ చల్లదనం గురించే మాట్లాడుతున్నారు గానీ ఐస్ ఎక్కడిదో ఎవరూ అడగలేదు. చేపల పెట్టెల్లోకి కొట్టే దిమ్మ తినడానికి చేసింది కాదు. తినని ఐస్‌కి నీలం రంగు కలపాలని రూల్ కూడా ఉంది. గోనెసంచిలో చుట్టి, నేల మీద పెట్టి, మేకుతో కొట్టిన ముక్క మీ గ్లాసులో పడిందంటే నేనైతే తాగను.

పాత ల్యాబ్ మాస్టారు: సరైన మాట బాబూ. అయితే మురికి నీళ్ల ఐస్‌తో ఎక్కువగా వచ్చేవి విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు. ముక్కు కారడం దాని లక్షణం కాదు.

అమ్మా, బాబుకి ముక్కు కారుతోంది, దగ్గు కూడా ఉంటే వైరస్ అనే అనుకోవచ్చు. ముక్కు కారకుండా, దగ్గు లేకుండా గట్టి జ్వరం వచ్చి, టాన్సిల్స్ మీద తెల్లటి పొర కనబడి, దవడ కింద గడ్డలు ముట్టుకుంటే నొప్పిగా ఉంటే మాత్రం డాక్టర్‌కి చూపించండి. అది స్ట్రెప్ బ్యాక్టీరియా కావచ్చు, దానికి యాంటీబయాటిక్ కావాలి. జలుబుకి అక్కర్లేదు. ఇంట్లో మిగిలిన స్ట్రిప్ ఉందని మీరే వేసెయ్యకండి.

ఎంవీపీ అమ్మ: జ్వరం లేదు, దగ్గు కొంచెం ఉంది. చల్లటి పెరుగన్నం అడుగుతున్నాడు, గొంతుకి హాయిగా ఉందట. పెట్టనా?

పాత ల్యాబ్ మాస్టారు: పెట్టండి. టాన్సిల్స్ ఆపరేషన్ అయిన పిల్లలకి ఐస్‌క్రీమ్ తినమనే చెప్తారు, నొప్పి తగ్గుతుందని.

ఎంవీపీ అమ్మ: గురువారం కబురు. బాబు తేరుకున్నాడు. పొద్దున్నుంచి అత్తగారికి తుమ్ములు. ఆవిడ ఫ్రిజ్ నీళ్లు ముట్టుకుని పదేళ్లయింది. మూడు రోజులుగా బాబుని పక్కలో పడుకోబెట్టుకున్నది ఆవిడే. ఇప్పుడేమో "ఏసీ గదిలో పడుకున్నాను, అందుకే" అంటున్నారు.

గాజువాక గోలీసోడా: ఏసీ కూడా చల్లదనమే కదండీ!