గడువు పెంచమని ఎప్పుడు అడగాలి: అనుమానం రాగానేనా, కొత్త డేట్ తేలాకా?

సగంనిద్ర:
ఈ నెల 30కి క్లయింట్‌కి 48,000 కస్టమర్ రికార్డులు పాత సిస్టమ్ నుంచి కొత్తదాంట్లోకి ఎక్కించి ఇవ్వాలి. ఇవాళ 16, సోమవారం. శుక్రవారం ట్రయల్ లోడ్ వేస్తే 6,200 రికార్డులు రిజెక్ట్ అయ్యాయి. నాకైతే 30కి అవ్వదనిపిస్తోంది. మా మేనేజరేమో "ఇప్పుడే చెప్పి కంగారు పెట్టకు, 27 దాకా చూద్దాం, డేట్ ఖాయమయ్యాక ఒకేసారి అడుగుదాం" అంటున్నారు. ఇవాళే మెయిల్ పెట్టి ఒక వారం అడిగేద్దామని నా ఉద్దేశం. ఎవరిది కరెక్టు?

బల్లకిందచెయ్యి:
మేనేజరే కరెక్టు అండీ. డేట్ లేకుండా "లేటవ్వచ్చు" అని మెయిల్ పెడితే క్లయింట్‌కి అర్థమయ్యేది ఒక్కటే, పని వీళ్ళ అదుపులో లేదు అని. అక్కడినుంచి రోజూ కాల్, రోజూ స్టేటస్ షీటు, పని చేసేవాళ్ళు షీట్లు నింపుతూ కూర్చుంటారు, నేను చూశా ఇది. పైగా ఇప్పుడు వారం అడిగి మళ్ళీ ఇంకో వారం అడిగితే ఉన్న పరువు కూడా పోతుంది. అడిగేది ఒక్కసారే అడగాలి, గట్టి డేట్‌తో.

పాతకాగితాలు:
ఒక్కసారే అడగాలన్నదాంతో నేనూ ఏకీభవిస్తా. కానీ గట్టి డేట్ రావడానికి 27 దాకా ఎందుకండీ? ఒక్క పూట లెక్క అది. సగంనిద్ర గారూ, ఆ 6,200 ఎందుకు రిజెక్ట్ అయ్యాయో విడగొట్టి చూశారా? చేత్తో సరిచేస్తే గంటకి ఎన్ని అవుతున్నాయి? ఇంకోటి, 30 తర్వాత క్లయింట్ వైపు ఏం జరగబోతోంది, అది తెలుసా మీకు?

వేయిపడగలు_కాదు_వేయిఫైళ్ళు:
గడువు దాటిపోయాక పెనాల్టీ మాఫీ అడగడం గురించేనా ఇది? మాకు పోయినేడాది అలాగే అయింది, రెండు నెలలు తిరిగాం, సగమే తగ్గించారు.

పాతకాగితాలు:
కాదండీ, ఈవిడ గడువు ఇంకా దాటలేదు. దాటాక అడిగేది క్షమాపణ, దాటకముందు అడిగేది పొడిగింపు. అడిగే కాగితమే వేరు, ఒప్పుకునే మనిషీ చాలాచోట్ల వేరే.

సగంనిద్ర:
విడగొట్టి చూశాను. 4,000 ఒకే రకం, ఖాతా నంబర్ ముందున్న సున్నాలు ఎగిరిపోయాయి, అవి స్క్రిప్టుతో పోతాయి. మిగతా 2,200 మాత్రం చేత్తోనే, పేరు ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉండటం, ఒకే మనిషికి రెండు ఖాతాలు, అలాంటివి. పొద్దున ఇద్దరు కూర్చుని 4 గంటల్లో 160 చేశారు. క్లయింట్ వైపు ఏముందో అడగలేదు.

పాతకాగితాలు:
సరే, ఇప్పుడు లెక్క వేద్దాం. ఇద్దరు, 4 గంటలు, 160 అంటే మనిషికి గంటకి 20. 2,200కి 110 గంటలు కావాలి. రోజుకి 8 గంటలని వేసుకోకండి, మీటింగులు, టీ, పాత సిస్టమ్ హ్యాంగవ్వడం ఇవన్నీ తీసేస్తే కుదురుగా 6 గంటలు. ఇద్దరికీ కలిపి రోజుకి 12. అంటే 9 రోజులు దాటి కొంచెం, 10 అనుకోండి. రేపటినుంచి పని రోజులు లెక్కపెడితే సరిగ్గా 30కి చేత్తో చేసే పని ఒక్కటే అయిపోతుంది. స్క్రిప్టు ఈలోగా ఇంకొకళ్ళు రాస్తారనుకుందాం. తర్వాత మళ్ళీ లోడ్ వేసి లెక్క సరిచూడటానికి 2 రోజులు, క్లయింట్ వాళ్ళు చూసుకుని ఓకే చెప్పడానికి 3 రోజులు. వచ్చే నెల 7 అయింది, అదీ ఏ తేడా రాకపోతే. లోడ్ ఇంకోసారి వేయాల్సొస్తే 2 రోజులు, అంటే 9. కాబట్టి ఇచ్చే మాట 10.

మీరు ఇవాళ వారం అని అడిగుంటే 7న మళ్ళీ చెయ్యి చాచాల్సొచ్చేది చూశారా. అందరూ పడేది ఇక్కడే, మిగిలిన పనిని లెక్కపెట్టరు, అడగడానికి మొహమాటం లేని సంఖ్య ఏదో అదే అడుగుతారు. వారం అంటే వినడానికి చిన్నగా ఉంటుంది కదా అని.

బల్లకిందచెయ్యి:
లెక్క బాగుంది, ఒప్పుకుంటా. కానీ ఇది ఒక్క పూట శాంపిల్ గురువు గారూ. మొదట చేతికొచ్చినవి తేలికవి అయ్యుంటే? రెండు ఖాతాల కేసులన్నీ చివర్లో పడితే గంటకి 20 కాస్తా 8 అవుతుంది. అందుకే ఆగమన్నది.

పాతకాగితాలు:
ఈ పాయింటు నిజం. అయితే మందు ఆగడం కాదు, శాంపిల్ మార్చడం. రేపు వరసలో వచ్చినవి కాకుండా జాబితాలో అక్కడక్కడా ఏరి 100 చేయించండి. అప్పుడూ గంటకి 20 దగ్గరే ఉంటే 10వ తేదీకి కట్టుబడొచ్చు. 12కి పడిపోతే 110 గంటలు కాస్తా 180 దాటుతాయి, అప్పుడు మూడో మనిషిని పెడతారా డేట్ జరుపుతారా అన్నది 18కల్లా తేల్చుకోవాలి. 27 దాకా లాగడానికి ఇందులో ఏముంది?

ఫైలునంబరు:
నాది రెగ్యులేటర్ కేసు, చెప్తా, పనికొస్తే చూస్కోండి. ఒక నోటీసుకి జవాబివ్వడానికి టైం చాలక గడువుకి నాలుగు రోజుల ముందు అక్కడి ఆఫీసర్‌కి మెయిల్ పెట్టాను, ఆయన ఫోన్లో "పర్లేదు పంపండి" అన్నారు, నేను హాయిగా వారం తీసుకున్నా. తీరా చూస్తే పొడిగింపు అప్లికేషన్ పోర్టల్లోనే వేయాలంట, మెయిల్ లెక్కలోకి రాదంట, ఆ ఆఫీసర్ ఈలోగా బదిలీ. రికార్డు ప్రకారం నేను అసలు అడగనట్టే, లేటుగా ఇచ్చినట్టే. ఎవరిమీదా కోపం లేదు, నోటీసు రెండో పేజీలో రాసే ఉంది, నేనే చదవలేదు.

రెండోఅభిప్రాయం:
క్లయింట్ విషయంలో ఇంత గోల అక్కర్లేదు కదా. మెయిల్ పెట్టండి, రెండు రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే.

పాతకాగితాలు:
కాంట్రాక్టులో అలా రాసుంటే తప్ప కాదండీ. మౌనం అర్ధాంగీకారం అనేది సామెతగా బాగుంటుంది, ఇన్వాయిసులో లేటు కోత పడినప్పుడు పనికిరాదు. గడువు మార్చే అధికారం ఎవరికుందో కాంట్రాక్టులో ఉంటుంది, రోజూ మనతో మాట్లాడే కోఆర్డినేటర్‌కి చాలాసార్లు ఉండదు. రెగ్యులేటర్ దగ్గర ఇంకా గట్టిగా ఉంటుంది. మామూలుగా అప్లికేషన్ వేసినంత మాత్రాన గడువు ఆగదు, జవాబు వచ్చేదాకా పాత తేదీయే తేదీ. అందుకే అడిగాక కూడా పని ఆపకూడదు, ఉన్నంతవరకు పాత తేదీకే దాఖలు చేసి, మిగతాదానికి పొడిగింపు కోరుతున్నామని రాయడం మంచిది. కొన్ని గడువులైతే చట్టంలోనే రాసుంటాయి, అక్కడ ఆఫీసర్‌కి మనసున్నా పెంచే అధికారం ఉండదు.

కుకీతినను:
ఒక్కోచోట అడగడమే ఉండదు, చెప్తే చాలు. మాది యూరప్ డేటా పని. జీడీపీఆర్ ప్రకారం ఎవరైనా తమ డేటా కాపీ అడిగితే నెలలోపు ఇవ్వాలి, చిక్కు కేసైతే ఇంకో రెండు నెలలు తీసుకోవచ్చు. ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, కానీ ఆ మొదటి నెల దాటకముందే అడిగినవాళ్ళకి కారణంతో చెప్పాలి. కారణం కూడా ఆ రిక్వెస్టు చిక్కుదనో, ఎక్కువ రిక్వెస్టులు వచ్చాయనో ఉండాలి, మా స్టాఫ్ లీవులో ఉన్నారు అంటే నడవదు. అంటే మూడు రకాలు ఉన్నాయి: అడిగి తీసుకునేది, చెప్పి తీసుకునేది, అసలు దొరకనిది. మనది ఏదో ముందు చూసుకోవాలి.

సగంనిద్ర:
అప్‌డేట్. ఏరి చేయించిన 100 అయ్యాయి, గంటకి 18 వచ్చింది. 122 గంటలు, అంటే 11 రోజులు, ఒక రోజు ఎక్కువ. క్లయింట్ కోఆర్డినేటర్‌ని ఊరికే మాట్లాడుతున్నట్టు "30 తర్వాత మీ ప్లాన్ ఏంటి" అని అడిగా. పాత సిస్టమ్ లైసెన్సు ఈ నెలాఖరుతో అయిపోతుందంట. ఇంకో నెల కావాలంటే 10 రోజుల ముందు వాళ్ళు ఆ కంపెనీకి చెప్పాలంట. అంటే 20!! మేనేజర్‌కి చెప్తే మొహం పాలిపోయింది.

పాతకాగితాలు:
అదీ సంగతి. మీ గడువు 30, కానీ వాళ్ళ చేతిలో ఏమైనా చేయడానికి ఉన్న ఆఖరి రోజు 20. 27న ఎంత గట్టి డేట్‌తో అడిగినా వాళ్ళకి పాత సిస్టమ్ మూతపడేది, కొత్తది ఉండేది కాదు. ముందే అడగాలి అన్నప్పుడు దేనికి ముందో ఇదే చూడాలి.

బల్లకిందచెయ్యి:
సరే, ఈ కేసులో నేను తప్పు. కానీ లైసెన్సు లాంటిది లేకపోయుంటే నేను రెండు మూడు రోజులు ఆగి డేట్‌తోనే వెళ్ళేవాణ్ణి, ఇప్పటికీ అదే అంటా.

సగంనిద్ర:
ఇదిగో నేను రాసింది, తిట్టండి:

"30న ఇవ్వాల్సిన 48,000 రికార్డుల్లో 41,800 సిద్ధంగా ఉన్నాయి, అవి 30నే ఇస్తాం. మిగతా 6,200లో 4,000 స్క్రిప్టుతో, 2,200 ఒక్కొక్కటిగా సరిచేయాలి. శాంపిల్ చేసి చూస్తే 11 పని రోజులు పడుతోంది. అవసరమైతే రెండోసారి లోడ్‌తో సహా లోడ్ వేసి సరిచూడటానికి 4 రోజులు, మీ పరిశీలనకి 3 రోజులు కలుపుకుని మొత్తం పని వచ్చే నెల 11కి పూర్తి చేస్తాం. పాత సిస్టమ్ లైసెన్సు పొడిగింపుకి 20లోగా చెప్పాలి కాబట్టి ఈ మార్పుకి మీ రాతపూర్వక అంగీకారం 19లోగా కోరుతున్నాం. 25న, వచ్చే నెల 2న ఎన్ని పూర్తయ్యాయో సంఖ్యతో పంపుతాం."

పాతకాగితాలు:
బాగుంది. ఒకే మార్పు, 11 శుక్రవారం. ఆరోజు సాయంత్రం ఏదైనా చిన్న తేడా తేలితే సోమవారం దాకా చూసే నాథుడు ఉండడు. ధైర్యం చాలితే 10 అనండి, లేకపోతే నేరుగా 14 అనండి. నేనైతే 14.

బల్లకిందచెయ్యి:
14 అంటే రెండు వారాలు, లైసెన్సు ఖర్చు మీరే కట్టుకోండి అంటారు చూడండి. నేనైతే 11.

ఫైలునంబరు:
మీలో మీరు తర్వాత కొట్టుకోండి, ఇవాళ 17 అయిపోతోంది. కాంట్రాక్టులో సంతకం ఎవరిదో వాళ్ళకే పెట్టండి, కోఆర్డినేటర్‌ని కాపీలో ఉంచండి.

సగంనిద్ర:
14 అనే పెట్టా. లైసెన్సు ఖర్చులో సగం మీరు భరిస్తారా అని తిరిగి అడిగారు, డేట్ గురించి మాత్రం ఒక్క మాట అనలేదు. రాతపూర్వక అంగీకారం ఇంకా రాలేదు. రేపు పొద్దున ఫోన్ చేస్తున్నా.