వాన దువాలో ఒకే మాట రెండుసార్లు పడిందా?

షమీమ్: మా ఊరి ఈద్గాలో వానల కోసం నమాజు పెట్టుకుంటున్నాం. కుర్రాళ్లకు అరబీ చదవడం రాదు కాబట్టి దువాను తెలుగు అక్షరాల్లో కరపత్రంగా వేస్తున్నాం. ప్రూఫు చూస్తుంటే టెన్షన్ పట్టుకుంది. "అల్లాహుమ్మస్‌ఖినా గైసన్ ముగీసన్ మరీఅన్ మరీఅన్ నాఫిఅన్ గైర జార్రిన్ ఆజిలన్ గైర ఆజిలిన్" అని ఉంది. "మరీఅన్" రెండుసార్లు టైపు అయిందా? చివర్లో "గైర" అంటే కానిది అని కదా, మరి "ఆజిల్ కాని ఆజిల్" ఏమిటి?

రమణ: డీటీపీలో ఇలాంటి డబుల్ ఎంట్రీలు మామూలే. ఒకటి తీసేయండి.

ఖలీల్: తీయొద్దు రమణ గారూ, అవి వేరువేరు మాటలు. మొదటి "మరీఅన్"లో చివర హంజా అనే అరబీ అక్షరం ఉంది. తిన్నది ఒంటికి పట్టి హాయిగా అరిగినప్పుడు వాడే మాట అది. ఖురాన్ నాలుగో సూరా నాలుగో ఆయత్‌లో మహర్ గురించి చెబుతూ "హనీఅన్ మరీఆ" అన్నది ఇదే. రెండో దానిలో గొంతు లోపలి నుంచి వచ్చే ఐన్ అనే అక్షరం ఉంది. అది నేలను పచ్చగా చేసే వాన. కొందరు దాన్ని "మురీఅన్" అని కూడా చదువుతారు. ఆజిల్ సంగతీ అంతే. ఐన్‌తో అయితే వెంటనే వచ్చేది, హంజాతో అయితే ఆలస్యంగా వచ్చేది. అంటే "ఇప్పుడే కురిపించు, తర్వాతెప్పుడో కాదు" అని అడుగుతున్నాం. అబూదావూద్ సంకలనంలో జాబిర్ చెప్పిన హదీసు ఇది. ప్రవక్త ఇలా అడగగానే ఆకాశం మబ్బు కమ్మిందని అందులోనే ఉంది.

సుజాత: చిన్నప్పుడు మా ఊళ్లో కావడికి కప్పను కట్టి "కప్పతల్లి" అంటూ ఇంటింటికీ తిరిగేవాళ్లం, ఇంటావిడ బిందెడు నీళ్లు కుమ్మరించేది. మీ దాంట్లోనూ నీళ్లు పోస్తారా?

ఖలీల్: లేదండీ, నీళ్లు పోయడం ఉండదు. పాత బట్టలతో, తల వంచుకుని ఊరి బయటి మైదానానికి వెళతారు. ముసలివాళ్లనీ పిల్లల్నీ వెంట తీసుకెళతారు, కొన్నిచోట్ల పశువుల్ని కూడా. అజాన్, ఇఖామత్ ఉండవు. ఇమాము రెండు రకాతులు పైకి వినబడేలా చదివిస్తారు.

జావీద్: పండగ నమాజులాగే అన్నమాట. అల్లాహు అక్బర్ అనే తక్బీర్లు ఆరు అదనంగా ఉంటాయి, కరపత్రంలో అదీ వేయండి షమీమ్ భాయ్.

ఖలీల్: సగం నిజం జావీద్. షాఫయీ పద్ధతిలో పండగలాగే మొదటి రకాతులో ఏడు, రెండో దానిలో ఐదు తక్బీర్లు చెబుతారు. ఆరు అనేది మన హనఫీల ఈద్ నమాజు లెక్క, దీనికి వర్తించదు. అసలు ఇమామ్ అబూహనీఫా దృష్టిలో వాన కోసం ముఖ్యమైనది దువా, ఇస్తిగ్‌ఫార్ అంటే క్షమాపణ వేడుకోవడం. జమాఅత్ నమాజును ఆయన సున్నత్‌గా లెక్కించలేదు. రెండు రకాతులన్నది ఆయన శిష్యులు అబూయూసుఫ్, ముహమ్మద్‌ల మాట. ఇస్తిగ్‌ఫార్‌కు ఆధారం నూహ్ సూరా: "మీ ప్రభువును క్షమాపణ వేడుకోండి, ఆయన మీపై ధారాళంగా వాన కురిపిస్తాడు."

షమీమ్: మా ఇమాము గారు శాలువా తిప్పి వేసుకుంటానన్నారు. అందరం తిప్పాలా?

ఖలీల్: అబ్దుల్లా బిన్ జైద్ చెప్పిన హదీసులో ప్రవక్త జనానికి వీపు చేసి, ఖిబ్లా వైపు తిరిగి, పైబట్ట తిప్పి వేసుకున్నారు. కుడి భుజం మీది అంచు ఎడమకు, ఎడమది కుడికి. కరువు కూడా అలా తిరగబడాలన్న ఆశ అందులో ఉందని పండితులు చెబుతారు. ఇమాముతో పాటు అందరూ తిప్పాలని చాలామంది అంటారు, హనఫీల్లో ఇమాము ఒక్కరే తిప్పుతారు. దువాలో చేతులు మామూలుకన్నా బాగా పైకెత్తాలి. ముస్లిం సంకలనంలో అనస్ చెప్పినదాన్ని బట్టి, అరచేతుల వెనక వైపు ఆకాశానికి ఉండాలి.

జావీద్: ఇమాము ప్రసంగం, అదే ఖుత్బా ముందా, నమాజు ముందా?

ఖలీల్: రెండు రకాలుగానూ హదీసులున్నాయి. ఎక్కువ చోట్ల నమాజే ముందు. మీ ఇమాము గారు ఎలా చేస్తే అలా.

సుజాత: మరీ ఎక్కువ కురిస్తే?

ఖలీల్: దానికీ దువా ఉందమ్మా. మదీనాలో ఒక శుక్రవారం ఖుత్బా మధ్యలో ఒకాయన వచ్చి, పశువులు చచ్చిపోతున్నాయి, దారులు తెగిపోయాయి అన్నాడు. ప్రవక్త అక్కడే చేతులెత్తి "అల్లాహుమ్మ అగిస్‌నా" అన్నారు. వారమంతా వాన. మళ్లీ శుక్రవారం, ఈసారి ఆపమని అడిగారు. అప్పుడు ప్రవక్త "అల్లాహుమ్మ హవాలైనా వలా అలైనా" అన్నారు. మా చుట్టూ కురవనీ, మా మీద కాదు అని. తర్వాత గుట్టలూ లోయలూ చెట్లు మొలిచే చోట్లూ పేరుపెట్టి చెప్పారు. పూర్తిగా ఆగిపోవాలని మాత్రం అడగలేదు, గమనించండి.

రమణ: ఖలీల్ గారూ, మరి ఐన్‌ని తెలుగులో ఎలా చూపిస్తారు? ఐన్ ఉన్న అక్షరం కింద చుక్క పెట్టొచ్చుగా.

జావీద్: చుక్క చూసి ఎవరూ గొంతు మార్చరు. ఆడియో పెట్టి, కరపత్రంలో క్యూఆర్ కోడ్ వేస్తే సరి.

షమీమ్: చుక్క పెడితే మా ప్రెస్సులో ఫాంటు విరిగిపోతోంది. ప్రస్తుతానికి రెండో దాన్ని "మురీఅన్" అని వేసి, ఆజిల్ పక్కన అర్థం రాస్తున్నాను. ఇంకెవరైనా వేరే పద్ధతి వాడుంటే చెప్పండి, గురువారం ప్రింటుకిస్తున్నాం.