చనిపోయిన గాయకుడి గొంతు వాడాలంటే ఎవరిని అడగాలి?

లఘుచిత్రం_యూసఫ్‌గూడ: పన్నెండు నిమిషాల సినిమా తీస్తున్నాను. అందులో పాత రేడియోలో పాట వినిపించాలి. కీర్తిశేషుడైన ఒక ప్రసిద్ధ గాయకుడి గొంతును ఏఐతో పుట్టించి కొత్త పాట పెట్టి, చివర్లో ‘ఏఐ గొంతు’ అని వేస్తే చాలదా?

పాతటేపు: చాలదు. ఆ అక్షరాలు చూసేవారి కోసం. అనుమతి ఇవ్వాల్సినవారు వేరే ఉన్నారు. ‘కీడా కోలా’ సినిమాలో బాలు గారి గొంతును ఏఐతో వాడారని, తమను అడగలేదని ఆయన కొడుకు చరణ్ గారు 2024లో నోటీసు పంపారు. ఆ ఏడాదే ‘లాల్ సలామ్’ సినిమా పాటకు, చనిపోయిన గాయకులు బంబా బాక్యా, షాహుల్ హమీద్‌ల గొంతులు ఏఐతో వాడిన రెహమాన్, రెండు కుటుంబాలనూ అడిగి డబ్బు ఇచ్చామని చెప్పారు.

సెక్షన్_సుబ్బారావు: గొంతుకు కాపీరైటు లేదు. ఎవరినీ అడగక్కరలేదు.

పాతటేపు: మొదటి వాక్యం నిజం, రెండోది కాదు. గొంతు తయారు కావాలంటే ఏఐకి పాత పాటలు వినిపించాలి కదా, ఆ రికార్డులు మ్యూజిక్ కంపెనీలవి. బతికున్న గాయకులైతే మరీ కష్టం. అరిజిత్ సింగ్ గొంతును అలా వాడొద్దని 2024లో బొంబాయి హైకోర్టు ఆపింది.

సెక్షన్_సుబ్బారావు: నేను చనిపోయినవారి గురించి అంటున్నాను. మనిషికి తన పేరు, గొంతు లాంటి వాటిపై ఉండే హక్కులు ఆ వ్యక్తితోనే పోతాయని నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ తండ్రి వేసిన కేసులో 2023లో ఢిల్లీ హైకోర్టు అంది.

పాతటేపు: అంది, ఒప్పుకుంటాను. అది ఒక్క న్యాయమూర్తి మాట. సుప్రీంకోర్టు ఇంకా తేల్చలేదు.

కృష్ణానగర్_డబ్బింగ్: బతికున్న నన్నే ఎవరూ అడగలేదండీ. మూడేళ్ల కిందట ఒక పాఠాల యాప్ కోసం రెండు రోజులు వాక్యాలు చదివాను. పత్రంలో ‘అన్ని మాధ్యమాలకూ, శాశ్వతంగా’ అని ఉంటే చూడకుండా సంతకం పెట్టాను. పోయిన నెల ఆటోలో ఫ్లాట్ల ప్రకటన విన్నాను. అది నా గొంతే. ‘గజాలు’ అనేటప్పుడు ‘జ’ దగ్గర నేను కాస్త ఒత్తుతాను, అదీ ఉంది. ఆ మాట నేను ఎన్నడూ చదవలేదు. అంత పొడుగు వాక్యంలో ఎక్కడా ఊపిరి తీసుకోలేదు కూడా!

లఘుచిత్రం_యూసఫ్‌గూడ: మీ బాధ వేరు, నా ప్రశ్న వేరు. నా మొత్తం ఖర్చే నలభై వేలు. నన్ను దొంగలా చూస్తారెందుకు?

కృష్ణానగర్_డబ్బింగ్: వేరు కాదు. పాత రేడియో గరగర కింద ఎవరు పాడినా ఆ కాలపు పాటలాగే వినిపిస్తుంది. మరి ఆ గొంతే ఎందుకు కావాలి?

లఘుచిత్రం_యూసఫ్‌గూడ: ఆయన పేరు ఉంటేనే నలుగురూ చూస్తారు. చాలా?

పాతటేపు: ఇంతసేపటికి అసలు సంగతి చెప్పారు. పేరుతో జనాన్ని రప్పించుకుంటూ పేరు గలవారి ఇంటివాళ్లను మాత్రం అడగనంటే ఎలా?

లఘుచిత్రం_యూసఫ్‌గూడ: సరే. ట్రాక్ పాడేవారు ఎంత తీసుకుంటారు?

కృష్ణానగర్_డబ్బింగ్: పాట ఎంతసేపు వినిపిస్తుంది?

లఘుచిత్రం_యూసఫ్‌గూడ: నలభై సెకన్లు.

సెక్షన్_సుబ్బారావు: గొంతుకు కాపీరైటు ఏ సెక్షన్‌లో ఉందో ఎవరూ చూపించలేదు.