ఉద్దానం కిడ్నీ వ్యాధి థీసిస్: నంబర్ల రిఫరెన్సులను రచయిత-సంవత్సరం పద్ధతిలోకి మార్చడంలో రెండు సందేహాలు

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం. వర్డ్‌లో ఉన్న థీసిస్‌లో 62 రిఫరెన్సులు, మొదట వచ్చిన వరుసలో, చేత్తో టైపు చేసినవి. వీటిని ఏపీఏ పద్ధతిలోకి మార్చాలి.

జాబితాకు ఆటోమేటిక్ నంబరింగ్ ఉంది. అలాగే సార్ట్ చేస్తే వర్డ్ మళ్లీ 1 నుంచి నంబర్లు వేసేస్తుంది, పాత నంబరు పోతుంది. అందుకే Paste Special లో Unformatted Text గా అతికించి, నంబర్లను మామూలు అక్షరాలుగా మార్చాను. తర్వాత పాత నంబరు, రచయిత, సంవత్సరం, శీర్షిక అని నాలుగు గడుల పట్టిక చేసి, చివరి మూడింటి మీద వరుసగా సార్ట్ చేశాను. పాత నంబరు గడిని చివరిదాకా తీయను.

పాఠంలో నంబర్లు వెతకడానికి Use wildcards పెట్టి ఇది వాడుతున్నా:

```
\[*\]
```

[12-15] లాంటివి ముందే [12,13,14,15] గా విడదీశాను, లేకపోతే 13, 14 కంటికి కనబడవు.

ఇప్పుడు సందేహాలు. పాత 7, 31 రెండూ ఒకే రచయితవి, 2019వి. శీర్షికల అక్షరక్రమంలో 31 ముందొస్తోంది కాబట్టి అదే 2019a, పాఠంలో ముందొచ్చిన 7 మాత్రం 2019b. ఇలా b ముందు కనబడటం సరేనా?

రెండోది, ఒకే రచయిత పేరు ఒక వ్యాసంలో ఇంటిపేరుతో, మరో వ్యాసంలో ఇంటిపేరు పొడి అక్షరంగా అచ్చయింది. సార్ట్‌లో రెండు చోట్లకు చీలిపోతున్నాయి. ఏ రూపం కింద పెడతారు? చేసినవాళ్లు చెప్పగలరా?