కావలి నుంచి: పీఎస్5 కోసం ‘120’ స్టిక్కర్ ఉన్న టీవీ తీసుకోవచ్చా?

కావలి_కుర్రాడు
అన్నలూ, కాస్త చెప్పండి. ఇంట్లో ఏడేళ్ల నాటి 43 అంగుళాల టీవీ ఉంది. దానికి మొన్న సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పీఎస్5 తగిలించాను. ఫుట్‌బాల్ ఆటలో పాస్ బటన్ నొక్కితే, బంతి పక్కోడి కాళ్ల దగ్గరికి పోయాక మనవాడు కాలు ఊపుతున్నాడు. ఫ్రెండ్ రూంలో ఇదే ఆట, ఇదే కంట్రోలర్, అక్కడ బాగానే ఉంది.

అందుకని నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షోరూంకి వెళ్లాను. 55 అంగుళాల టీవీ మీద "120" అని పెద్ద స్టిక్కర్ ఉంది. గేమింగ్ టీవీ అన్నాడు. ఆట వేగానికి తగ్గట్టు తెర వేగాన్ని మార్చుకునే వీఆర్‌ఆర్ ఉందా అని అడిగితే "అన్నీ ఉన్నాయి సార్" అన్నాడు. ఆ "అన్నీ" దగ్గరే నాకు అనుమానం. బడ్జెట్ 50 వేలు. తీసుకోవచ్చా?

ఒంగోలు_గేమర్
బ్రో, ఆలోచించకు. 60 హెర్ట్జ్ టీవీ, అంటే సెకనుకి 60 సార్లే బొమ్మ మార్చేది, ల్యాగ్ గ్యారంటీ. 120 తీసుకో, దాంతో పాటు మంచి హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా తీసుకో. నేను రెండు వేలు పెట్టి బంగారు పూత కేబుల్ కొన్నాక ల్యాగ్ పోయింది.

ఉదయగిరి_బాబాయ్
ఈ ల్యాగ్ బాధ మాకూ ఉంది నాయనా. మా ఇంట్లో బౌలర్ ఇంకా పరిగెత్తుతుంటాడు, పక్కింట్లో "అవుట్" అని అరుస్తారు. థ్రిల్ మొత్తం పోతోంది. దీనికీ టీవీ మార్చాలా?

పెన్నా_గట్టు
బాబాయ్, మీది వేరే జబ్బు. మీకు మ్యాచ్ వచ్చేది ఇంటర్నెట్‌లో అయి ఉంటుంది, పక్కింటోళ్లకి డిష్‌లో. ఆ ఆలస్యం దారిలో జరిగింది, సెకన్లలో ఉంటుంది. ఏ టీవీ కొన్నా అది తగ్గదు.

తమ్ముడూ, నీది టీవీ లోపల జరిగే ఆలస్యం. మిల్లీసెకన్లలో ఉంటుంది. పదేళ్లుగా టీవీలు రిపేరు చేస్తున్నాను, ఈ కంప్లైంటుతో నెలకి ఇద్దరైనా వస్తారు. షోరూంకి వెళ్లేముందు ఒక్క సంగతి చెప్పు. పాత టీవీలో పిక్చర్ మోడ్ ఏం పెట్టావు?

కావలి_కుర్రాడు
Vivid అన్నా. కొన్నప్పుడు వాళ్లు పెట్టిందే.

పెన్నా_గట్టు
అదీ సంగతి. మామూలు మోడ్‌లో టీవీ బొమ్మను రాగానే చూపించదు. కొన్ని ఫ్రేములు చేతిలో పట్టుకుని నాయిస్ తీస్తుంది, అంచులు దిద్దుతుంది. అన్నిటికన్నా పెద్ద దొంగ ఆ "స్మూత్ మోషన్". రెండు ఫ్రేముల మధ్య లేని ఫ్రేమును కొత్తగా పుట్టించాలంటే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా ఆగాల్సిందే కదా. సినిమాకి ఆగితే నష్టం లేదు, ఎందుకంటే శబ్దాన్నీ అంతే ఆపుతుంది. కానీ నీ బొటనవేలిని ఆపలేదు. గేమ్ మోడ్ చేసేది కొత్తగా ఏదో కలపడం కాదు, ఈ పనులు మానేయడం.

నా మాట నమ్మొద్దు, కొలిచి చూడు. ఫోన్‌లో స్లో మోషన్ 240 పెట్టి, అంటే సెకనుకి 240 ఫ్రేములు, కంట్రోలర్ మీద వేలు, వెనక టీవీ రెండూ ఒకే ఫ్రేములో పడేలా తియ్యి. బటన్ అడుగుకి తగిలిన ఫ్రేము నుంచి ఆటగాడి కాలు కదిలిన ఫ్రేము దాకా లెక్కపెట్టు. ఒక్కో ఫ్రేము 4.17 మిల్లీసెకన్లు. ఐదారు సార్లు తీసి సగటు చూడు, ఒక్కసారి తీస్తే మోసపోతావు. తర్వాత గేమ్ మోడ్ పెట్టి మళ్లీ అదే చెయ్యి.

ఒంగోలు_గేమర్
అన్నా, నా ఫోన్‌లో 960 ఉంది. ఇంకా కచ్చితంగా వస్తుంది కదా?

పెన్నా_గట్టు
చాలా ఫోన్లలో ఆ 960 నిజం కాదు, మధ్య ఫ్రేముల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది. అబద్ధపు ఫ్రేముల్ని లెక్కపెడితే ఏం తేలుతుంది? 240 చాలు.

కేబుల్ గురించి కూడా చెప్తాను, కోపం తెచ్చుకోకు. కేబుల్ వల్ల ల్యాగ్ తగ్గదు. నాసి కేబుల్ అయితే చుక్కలు పడతాయి, తెర నల్లగా ఆరి వెలుగుతుంది, అంతే. నువ్వు కేబుల్ మార్చినప్పుడు వేరే పోర్టులో పెట్టి ఉంటావు. టీవీ ప్రతి పోర్టుకీ సెట్టింగులు విడివిడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ పోర్టులో గేమ్ మోడ్ ముందే ఆన్‌లో ఉండి ఉంటుంది.

ఒంగోలు_గేమర్
పోర్టు మార్చిన మాట నిజమే. కానీ రెండు వేలు పోయాయని మాత్రం ఒప్పుకోను.

కావలి_కుర్రాడు
కొలిచాను అన్నా. Vividలో సగటున 46 ఫ్రేములు. Gameలో 24. బొమ్మ కొంచెం వెలిసినట్టుంది కానీ పాస్ టైముకి వెళ్తోంది! అంటే మిగిలిన 24 ఫ్రేములు కూడా టీవీదేనా?

పెన్నా_గట్టు
కాదు, ఇక్కడే అందరూ పొరపడతారు. 46 ఫ్రేములంటే దాదాపు 192 మిల్లీసెకన్లు, 24 అంటే 100. తేడా 92. నీ టీవీ ఊరికే తినేసింది ఆ 92. మిగిలిన 100లో కంట్రోలర్ వైర్‌లెస్, ఆట లోపలి లెక్కలు, ఆటగాడు కాలు ఎత్తే యానిమేషన్, చివర్లో టీవీ వాటా కొంచెం, అన్నీ కలిసి ఉంటాయి. విడదీయడం ఇంట్లో కుదరదు. మంచి 60 హెర్ట్జ్ టీవీ గేమ్ మోడ్‌లో 10, 15 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది. కాబట్టి కొత్త టీవీ కొంటే ఆ 100 కొద్దిగా తగ్గుతుంది, సున్నా కాదు. ఒంగోలు తమ్ముడూ, 60 అంటే ల్యాగ్ అన్న మాట అందుకే సగమే నిజం. 120 అయితే ఇంకొంచెం తగ్గుతుంది, కానీ Vividలో పెడితే 120 టీవీ కూడా ఇలాగే ఏడిపిస్తుంది.

సింగరాయకొండ_సుధ
నాకు వేరే కథ. గేమ్ మోడ్ ఉంది, బటన్ బాగానే పలుకుతుంది. కానీ పెద్ద ఓపెన్ వరల్డ్ ఆటల్లో ఊళ్లోకి వెళ్లగానే బొమ్మ కుదుపులు. ఇది కూడా ల్యాగేనా?

పెన్నా_గట్టు
కాదక్కా. వీఆర్‌ఆర్ అవసరం ఇక్కడ. 60 హెర్ట్జ్ టీవీ టైం పట్టిక ప్రకారం నడిచే ఆర్టీసీ బస్సు లాంటిది. 16.7 మిల్లీసెకన్లకి ఒక బస్సు. ఆట ఒక ఫ్రేమును 19 మిల్లీసెకన్లలో తయారుచేసిందనుకోండి, బస్సు అప్పటికే వెళ్లిపోయింది. తర్వాతి బస్సు దాకా పాత బొమ్మే తెర మీద నిలబడుతుంది, అంటే 33 మిల్లీసెకన్లు. మీకు కుదుపుగా కనిపించేది అది. కొన్ని ఆటలు ఆగకుండా కదులుతున్న బస్సులోకే దూకుతాయి, అప్పుడు తెర అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది.

వీఆర్‌ఆర్ ఉంటే టీవీ షేర్ ఆటో అవుతుంది. మనిషి ఎక్కాకే కదులుతుంది. 19కి వస్తే 19కి, 17కి వస్తే 17కి. కానీ ఆటోవాడు కూడా ఎంతసేపని ఆగుతాడు? పీఎస్5లో ఆ హద్దు సెకనుకి 48 ఫ్రేములు, అంటే దాదాపు 21 మిల్లీసెకన్లు. అంతకన్నా కిందికి పడితే, ఆట తనంతట తాను ఏదైనా ఏర్పాటు చేసుకుంటే తప్ప, మళ్లీ కుదుపే. అందుకే 30 ఫ్రేముల ఆటకి మామూలుగా వీఆర్‌ఆర్ ఏమీ చేయదు. 50, 55 మధ్య ఊగే ఆటకి మాత్రం తేడా స్పష్టంగా తెలుస్తుంది.

సింగరాయకొండ_సుధ
ఓ, బాగా అర్థమైంది. మా తమ్ముడి దగ్గర వీఆర్‌ఆర్ ఉన్న ఓఎల్ఈడీ ఉంది. కుదుపులు లేవు కానీ చీకటి సీన్లలో, లోడింగ్ తెర మీద వెలుతురు మిణుకుమిణుకుమంటుంది. అది పాడైపోయినట్టా?

పెన్నా_గట్టు
పాడవలేదు. రిఫ్రెష్ వేగం మారినప్పుడల్లా ముదురు బూడిద రంగుల వెలుతురు కొద్దిగా మారుతుంది. ఓఎల్ఈడీలో ఎక్కువగా కనిపిస్తుంది, కొన్ని ఎల్‌ఈడీ ప్యానెళ్లలోనూ చూశాను. అప్‌డేట్‌తో పూర్తిగా పోయిందని చెప్పిన కస్టమర్ నాకైతే తగల్లేదు. అంత ఇబ్బందైతే ఆ ఒక్క ఆటకి వీఆర్‌ఆర్ ఆపేయమనండి.

కావలి_కుర్రాడు
మరి ఆ స్టిక్కర్ సంగతి?

పెన్నా_గట్టు
స్టిక్కర్‌ని కాదు, పీఎస్5ని అడుగు. సంచిలో పెట్టుకుని షాపుకి తీసుకెళ్లు. ఆదివారం సాయంత్రం వద్దు, మంగళవారం మధ్యాహ్నం వెళ్తే కాదనరు. ముందు టీవీని స్టోర్ మోడ్ నుంచి హోమ్ మోడ్‌కి మార్చమను. లేకపోతే నువ్వు పెట్టిన సెట్టింగులు కాసేపటికి వాటంతట అవే పోతాయి. "4K 120Hz" అని రాసి ఉన్న పోర్టులో తగిలించు. టీవీ మెనూలో ఆ పోర్టుకి హెచ్‌డీఎంఐ పూర్తి వేగం ఆన్ చెయ్యాలి, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. తర్వాత పీఎస్5లో ఇక్కడికి వెళ్లు:

```
Settings > Screen and Video > Video Output
```

టీవీ ఏ రిజల్యూషన్‌లో ఎన్ని హెర్ట్జ్ తీసుకుంటుందో, VRR పనిచేస్తుందో లేదో అక్కడ తెలుస్తుంది.

కావలి_కుర్రాడు
వెళ్లొచ్చా అన్నా. సేల్స్ కుర్రాడు మొహం మాడ్చుకున్నాడు కానీ పెట్టనిచ్చాడు. స్టిక్కర్ టీవీలో 4కేకి 60 మాత్రమే. 120 వచ్చింది 1080p దగ్గరే, అప్పుడు అక్షరాల అంచులు మెట్లు మెట్లుగా ఉన్నాయి. VRR లేదు.

పెన్నా_గట్టు
అనుకున్నా. అలాంటివి 60 హెర్ట్జ్ ప్యానెళ్లే. రెండేసి అడ్డగీతల్ని ఒకే బొమ్మతో ఒక్కసారి నడిపి 120 అనిపిస్తారు. నిలువుగా వివరం సగానికి పడిపోతుంది, ఆ మెట్లు అందుకే. ఇంకో రకం స్టిక్కర్ "మోషన్ రేట్ 120". అందులో అది కూడా ఉండదు.

కావలి_కుర్రాడు
పక్కనే ఉన్న ఇంకో టీవీలో 4కే 120 వచ్చింది, VRR కూడా వచ్చింది. రేటు 68 వేలు. నాలుగు పోర్టుల్లో రెండే పూర్తి వేగానివి, అందులో ఒకటి ఈఆర్క్.

సింగరాయకొండ_సుధ
సౌండ్‌బార్ ఉంటే ఆ ఒకటి దానికే పోతుంది, చూసుకో. నీకు పీఎస్5 ఒక్కటే కాబట్టి పర్వాలేదు. రేపు ఇంకో కన్సోల్ కొంటే ఏది తీసి ఏది పెట్టాలా అని రోజూ టీవీ వెనక దూరాలి.

ఒంగోలు_గేమర్
68 పెట్టేయ్ బ్రో. ఒక్కసారి కొంటాం.

పెన్నా_గట్టు
ఆడేది ఎక్కువగా ఫుట్‌బాల్ అంటున్నాడు. అది 60 దగ్గర గట్టిగా నిలబడుతుంది, వీఆర్‌ఆర్‌కి అక్కడ పెద్దగా పని లేదు. 18 వేలు అదనంగా పెట్టాలా వద్దా అనేది నేను చెప్పలేను, తర్వాత ఏం ఆడతాడో దాన్ని బట్టి.

కావలి_కుర్రాడు
ప్రస్తుతానికి పాతదాంట్లోనే గేమ్ మోడ్‌లో ఆడుతున్నా. దసరా ఆఫర్లలో 68ది ఎంతకి దిగుతుందో చూస్తా. నాన్నకి మాత్రం టీవీ పోయిందనే చెప్పాను, ఇప్పుడు బాగైందని ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ఉదయగిరి_బాబాయ్
నేనూ గేమ్ మోడ్ పెట్టాను నాయనా. రంగులు పోయాయి. పక్కింటోళ్లు ఇంకా ముందే అరుస్తున్నారు.